డీప్ లిట్టరా, కేజ్‌లా? రెట్ట ఎటు పోతుందో ముందు చూడండి

ప్రశ్న: 500 గుడ్ల కోళ్లతో మొదలుపెడదామనుకుంటున్నాను. షెడ్డు ఇంకా కట్టలేదు. డీప్ లిట్టర్ అయితే ఖర్చు తక్కువని కొందరు, కేజ్‌లైతే జబ్బులు రావు, గుడ్లు శుభ్రంగా ఉంటాయని కొందరు అంటున్నారు. ఇందులో ఏది నిజం? పనికి నేను, ఇంకొకరు ఉంటాం.

జవాబు:

ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారండీ. నేను మొదట లిట్టర్ మీద పెంచాను, తర్వాత కేజ్‌లకు వెళ్లాను, ఇప్పుడు మళ్లీ నేల మీదికే వచ్చాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. మీరు అడిగిన ఖర్చు, జబ్బు, గుడ్డు శుభ్రత మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: కోడి వేసిన రెట్ట, అందులోని తడి ఎటు పోతున్నాయి? కేజ్‌లో అది తీగల సందుల్లోంచి కింద పడి కోడికి దూరమవుతుంది. లిట్టర్‌లో, అంటే నేల మీద పరిచిన ఊక పొరలో, కోడి కాళ్ల కిందే ఉండి అక్కడే ఆరాలి. మిగతా తేడాలన్నీ దీని వెనకే వస్తాయి.

ముందు ఆ తడి ఎంతో లెక్క వేద్దాం. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. అంటే 500 కోళ్లకు రోజుకు 50 కిలోల రెట్ట, దాంట్లో దగ్గర దగ్గర 38 లీటర్ల నీళ్లు. కోడికి 2 చదరపు అడుగుల చొప్పున 1000 చదరపు అడుగుల షెడ్డు కట్టారనుకోండి. ఒక్కో చదరపు అడుగు మీద రోజూ 38 మిల్లీలీటర్లు పడుతుంది. అదంతా ఏ రోజుకారోజు గాలిలోకి ఆవిరైపోవాలి. ఖర్చు మిగులుతుందని షెడ్డు 750 అడుగులకు తగ్గిస్తే అదే 50 దాటుతుంది. చాలామంది లిట్టర్ ఇక్కడే పాడవుతుంది. దానికి వాళ్లు ఊకను తిడతారు, వర్షాన్ని తిడతారు. నిజానికి తప్పు పునాది గీసిన రోజే జరిగిపోయింది.

దీనికి తోడు నీళ్ల తొట్లు. సెకనుకో చుక్క కారే తొట్టిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ చుక్కలన్నీ కలిస్తే రోజుకు 4 లీటర్లు. మంద మొత్తం వేసే తడిలో పదో వంతు, అదీ ఒక్క రెండు మూడడుగుల చోట. అందుకే లిట్టర్ షెడ్డులోకి వెళ్లగానే నేను కోళ్లను చూడను, తొట్ల చుట్టూ చూస్తాను. తొట్టి అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే నీళ్లు చిందిస్తాయి.

లిట్టర్ సరిగ్గా ఉందో లేదో చేత్తో తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వేళ్లు తెరవండి. ముద్దలా అలాగే నిలబడితే తడి ఎక్కువైంది. కాస్త అతుక్కుని వెంటనే విరిగిపోతే బాగుంది. అసలు అతుక్కోకుండా జారిపోయి దుమ్ము లేస్తే మరీ ఎండింది, అది కూడా కోళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు. నాలుగైదు చోట్ల చూడాలి, ముఖ్యంగా తొట్ల దగ్గర, గోడ వారన. రెండోది ముక్కు. పొద్దున్నే తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుని, కోడి తల ఎత్తులో గాలి పీల్చండి. కళ్లు మండితే అమోనియా 25 పీపీఎమ్ దాటి ఉండవచ్చు. ఆ స్థాయి నుంచి కోడి కళ్లు, శ్వాసనాళం దెబ్బతినడం మొదలవుతుంది. నిలబడి పీలిస్తే మీకు తెలియదు. పైగా రోజూ లోపలే ఉండేవాళ్ల ముక్కు అలవాటు పడిపోతుంది. అప్పుడప్పుడు బయటి మనిషిని పిలిచి అడగడం మంచిది.

ఇక ఖర్చు సంగతి. డబ్బు లెక్క చెప్పను, అది చోటును బట్టి మారుతుంది. పరిమాణాల్లో చెబుతాను, ధరలు మీరే వేసుకోండి. లిట్టర్‌కు 1000 చదరపు అడుగుల షెడ్డు, దాణా తొట్లు, నీళ్ల తొట్లు, ఐదు కోళ్లకొకటి చొప్పున 100 గుడ్ల గూళ్లు కావాలి. కేజ్‌లకు షెడ్డు దాదాపు సగం చాలు. 45 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల లోతున్న గదిలో మూడు కోళ్లను పెడితే ఒక్కోదానికి 570 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అలా 167 గదులు కావాలి. రెండు వైపులా మూడేసి అంతస్తుల వరుసలో అవి 13 మీటర్ల పొడవులో సర్దుకుంటాయి. కాకపోతే షెడ్డులో మిగిలిన డబ్బు కేజ్‌లకు పోతుంది. సాధారణంగా దానికంటే ఎక్కువే పోతుంది. కాబట్టి మొదటి పెట్టుబడి విషయంలో లిట్టర్ తక్కువన్న మాట నిజమే.

రోజువారీ ఖర్చులో మాత్రం లెక్క తిరగబడుతుంది. తేలిక రకం తెల్ల కోడి కేజ్‌లో రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. నేల మీద తిరిగే కోడికి 5 నుంచి 10 గ్రాములు ఎక్కువ కావాలి. తిరగడానికి కొంత శక్తి ఖర్చవుతుంది, కాళ్లతో కెలికి కొంత పారబోస్తుంది. మధ్యలో 8 గ్రాములు అనుకుందాం. 500 కోళ్లకు రోజుకు 4 కిలోలు, ఏడాదికి 1460 కిలోలు. అంటే దాదాపు టన్నున్నర దాణా. మీ దగ్గరి దాణా ధరతో దాన్ని గుణించండి. ఆ మొత్తం కేజ్‌ల మీద పెట్టే అదనపు డబ్బుకు ఎన్నేళ్లలో సరిపోతుందో చూసుకోండి. మంచి జింకు పూత ఉన్న కేజ్ పదేళ్లకు పైగా పనిచేస్తుంది. పూత సరిగా లేనిదైతే మూడో ఏడు నుంచే అడుగు తీగలు తుప్పు పట్టడం నేను చూశాను. చవగ్గా వస్తుందని పాత కేజ్‌లు కొనేవాళ్లు తీగను గోటితో కాదు, కత్తి మొనతో గీకి చూడాలి.

పనివాళ్ల ఖర్చు కేజ్‌లో తగ్గుతుందంటారు. వేల కోళ్లకు అది నిజం. 500 కోళ్లకు మీరిద్దరూ ఎలాగూ ఉంటారు, అక్కడ మిగిలేదేమీ లేదు. తేడా ఉండేది సమయంలో. లిట్టర్‌లో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం వరకు ఎవరో ఒకరు అక్కడ ఉండి తీరాలి. ఎందుకో గుడ్ల దగ్గర చెబుతాను. లిట్టర్ వైపున్న ఒక లాభం ఏమిటంటే, ఏడాది తిరిగాక ఎత్తే ఎండు ఎరువు చేతికి అంటకుండా బస్తాల్లోకి ఎక్కుతుంది, కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. కేజ్ కింద పచ్చి పెంటను ఎండబెట్టడమే ఒక పని.

జబ్బుల విషయంలో "కేజ్‌లైతే రావు" అన్న మాటను మాత్రం నమ్మకండి. కేజ్ ఆపేది రెట్ట ద్వారా తిరిగే జబ్బులను. కాక్సీడియా అనే సూక్ష్మజీవి పేగుల్లో చేరి తెచ్చే కాక్సీడియోసిస్, ఏలిక పాములు ఆ కోవలోవి. రెట్టలోంచి పడిన గుడ్డు లేదా బీజం మళ్లీ కోడి నోట్లోకి వెళ్తేనే వాటి చక్రం సాగుతుంది. తీగల అడుగు ఆ దారిని తెంపేస్తుంది. గాలిలో, మనుషుల చెప్పుల మీద, దాణా బస్తాల మీద వచ్చే కొక్కెర తెగులు, బ్రాంకైటిస్, బర్డ్ ఫ్లూ లాంటివాటికి కేజ్ అయినా లిట్టర్ అయినా ఒకటే. టీకాలు, గేటు దగ్గర జాగ్రత్తలు రెండింటికీ సమానమే.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. లిట్టర్ పెట్టాలనుకునేవాళ్లకు దీని గురించి సాధారణంగా ఎవరూ చెప్పరు. కేజ్‌లు వదిలి నేల మీదికి మారిన ఏడాది 17 వారాల పెట్టలు 400 కొన్నాను. పిల్లల్ని అమ్మిన ఫారంవాళ్లు వాటిని మొదటి నుంచి కేజ్‌లోనే పెంచారు. చూడ్డానికి చక్కగా ఉన్నాయి, బరువులు సమానంగా ఉన్నాయి, టీకాల కార్డు పక్కాగా ఉంది. నా షెడ్డులో అంతకుముందు మంద వాడిన లిట్టర్ ఉంది. పైపైన గడ్డలు తీసేసి, కొత్త ఊక చల్లి పెట్టల్ని వదిలాను. మొదటి పది రోజులు అంతా బాగానే ఉంది. పన్నెండో రోజున దాణా కొంచెం మిగిలింది, చోటు మారింది కదా అనుకున్నాను. పద్నాలుగో రోజు పొద్దున ఇరవై ముప్పై కోళ్లు రెక్కలు వేలాడేసి, ఈకలు పెంచుకుని మూలల్లో నిలబడ్డాయి. రెట్టలో నెత్తుటి చారలతో జిగురు. ఆ రోజు ఆరు చచ్చాయి, మరుసటి రోజు తొమ్మిది.

డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూపించారు. పేగు మధ్యభాగం బెలూన్‌లా ఉబ్బి ఉంది. పేగు బయటి గోడ మీదే తెల్లని, ఎర్రని చుక్కలు కలిసి కనిపిస్తున్నాయి, లోపల నెత్తురు. అది ఐమేరియా నెకాట్రిక్స్ అనే రకం కాక్సీడియా, ఎదిగిన పెట్టల్ని చంపేది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఇవి ఎక్కడ పెరిగాయి?" అని. అప్పుడు నాకు విషయం అర్థమైంది. లిట్టర్ మీద పెరిగే పిల్ల చిన్నప్పటి నుంచి కొద్దికొద్దిగా ఈ బీజాల్ని మింగుతూ తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. కేజ్‌లో పెరిగిన పెట్టకు ఆ పరిచయమే లేదు. రోజుల లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. పాత లిట్టర్‌లో ఉన్న కొన్ని బీజాల్ని మొదటి రోజే మింగాయి. ఆరేడు రోజులకు అవి లోపల పెరిగి లక్షల్లో రెట్టతో బయటికి వచ్చాయి. వెచ్చని తడిలో ఒకటి రెండు రోజుల్లో ముదిరాయి. వాటిని మింగిన రెండో విడతే చంపింది. నీళ్లలో ఆంప్రోలియం మందు ఇచ్చి, తడి లిట్టర్ ఎత్తేసి ఆపగలిగాం కానీ అప్పటికి 27 పోయాయి. మిగిలినవి గుడ్డుకు రావడం మూడు వారాలు వెనకబడింది.

అందుకే మీరు లిట్టర్ వైపు వెళ్తే పెట్టల్ని కొనేటప్పుడు ధర కంటే ముందు ఎక్కడ పెరిగాయో అడగండి. నేల మీద పెరిగినవి, లేదా చిన్నప్పుడే కాక్సీడియా టీకా పడినవి కావాలి. కేజ్‌లకు వెళ్తే ఈ ఇబ్బంది లేదు. లిట్టర్ మీద పెరిగినవాటిని 15, 16 వారాలకు, గుడ్డు మొదలు కాకముందే, నట్టల మందు ఇచ్చి కేజ్‌ల్లోకి ఎక్కించవచ్చు. కాకపోతే మొదటి రెండు రోజులు ప్రతి గదిలోనూ కోడి నిపుల్‌ను, అంటే ముక్కుతో తాకితే నీళ్లు వదిలే చిన్న మొనను, తాకి నీళ్లు తాగుతోందో లేదో చూడాలి. ఎప్పుడూ నిపుల్ ఎరగని కోడి దాని పక్కనే దాహంతో కూర్చుంటుంది.

కేజ్‌కు దాని జబ్బులు దానికి ఉన్నాయి. ఒక్కో పెంకులో 2 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది. కదలిక లేని కోడికి ఎముక అసలే బలహీనపడుతుంది, దాణాలో కాల్షియం కాస్త తగ్గినా కాళ్ల ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఒక రోజు పొద్దున బాగా గుడ్లు పెడుతున్న కోడే పక్కకు ఒరిగి లేవలేక పడి ఉంటుంది. కేజ్ ఫెటీగ్ అంటారు. దాన్ని చచ్చిందని పారేయకండి. బయటికి తీసి నేల మీద ఉంచి, నోటి దగ్గర నీళ్లు, గుల్ల పలుకులు పెడితే చాలావరకు నాలుగైదు రోజుల్లో లేచి నడుస్తాయి. కాలెయ్యడానికి నేల దొరికితే నయమయ్యే జబ్బు ఇది! ఇక కేజ్ కింద ఈగలు. నిపుల్ కారి పెంట తడిస్తే, వేడి రోజుల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు చాలు. పొరుగువాళ్లతో గొడవ అక్కడే మొదలవుతుంది. కేజ్ కీళ్లలో, దాణా తొట్టి కొక్కేల కింద చేరే ఎర్ర మైట్లు అనే చిన్న పురుగులను రాత్రి టార్చి వేసి చూస్తేనే కనిపెట్టగలం.

గుడ్డు శుభ్రత దగ్గరికి వద్దాం. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు కోడి ఒంటి వేడితో, 40 డిగ్రీలకు పైనే ఉంటుంది, పెంకు మీద సన్నని తడి పొర ఉంటుంది. చల్లబడేకొద్దీ లోపలి సొన కుంచించుకుపోయి, పెంకులో ఉన్న వేల రంధ్రాల్లోంచి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ పొర కొద్ది నిమిషాల్లో ఆరి రంధ్రాలను కప్పేస్తుంది. అంటే గుడ్డు పడిన మొదటి కొద్ది నిమిషాల్లో అది దేన్ని తాకుతుందన్నదే అసలు విషయం. కేజ్‌లో వాలు తీగల మీద దొర్లి ముందుకు వచ్చేస్తుంది, రెట్టను తాకదు. తడి లిట్టర్‌లో పడిన గుడ్డు మురికిని పైన పూసుకోవడమే కాదు, లోపలికి పీల్చుకుంటుంది. తర్వాత కడిగినా లోపలికి పోయింది రాదు. చల్లటి నీళ్లతో కడిగితే మరీ నష్టం, లోపలికి ఇంకా లాగుతుంది.

అయినా లిట్టర్ గుడ్లన్నీ మురికివని కాదు. పొడి గూట్లో పడిన గుడ్డు కేజ్ గుడ్డుకు ఏమీ తీసిపోదు. మురికివి రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి, తడి లిట్టర్ తొక్కిన కాళ్లతో కోడి గూట్లోకి ఎక్కడం. రెండోది, నేల గుడ్లు. ఈ రెండోది అలవాటు. మొదటి మూడు వారాల్లో నేల మీద పెట్టడం నేర్చిన కోడి దాన్ని ఇక మానదు. కాబట్టి గూళ్లను 16వ వారం కల్లా, మొదటి గుడ్డుకు ముందే పెట్టండి. లోపల చీకటిగా ఉండాలి, ఎక్కడానికి ముందు కర్ర ఉండాలి. గుడ్డు మొదలయ్యే రోజుల్లో లిట్టర్ రెండు మూడు అంగుళాలే ఉంచండి. మెత్తగా, లోతుగా ఉంటే కోడికి అదే గూడులా కనిపిస్తుంది. మూలల్లో నీడ పడకుండా చూడండి. ఆ మూడు వారాలు పొద్దున గంటకోసారి లోపల నడిచి, నేల మీద గుడ్డు కనిపిస్తే వెంటనే తీసేయాలి, ఒదిగి కూర్చున్న పెట్టను మెల్లగా ఎత్తి గూట్లో పెట్టాలి. పొద్దున ఎవరో ఒకరు ఉండాలన్నది ఇందుకే. తర్వాత కూడా మధ్యాహ్నం లోపు మూడు సార్లు, సాయంత్రం ఒకసారి ఏరాలి.

కేజ్‌లో గుడ్డు మురికిపడితే కారణం దాదాపు ఎప్పుడూ తీగే. అడుగు మధ్యలో కుంగితే గుడ్డు దొర్లదు, కోడి కాళ్ల దగ్గరే ఆగుతుంది. దాన్ని తొక్కుతుంది, పొడుస్తుంది, ఒకటి పగిలితే ఆ సొన పక్కవాటికి అంటుతుంది. ఒక గుడ్డు తీసుకుని గది వెనక భాగంలో పెట్టి వదిలేయండి. నెమ్మదిగా దొర్లి ముందు ఆగాలి. కదలకపోతే కుంగింది, టక్కుమని తగిలితే వాలు ఎక్కువైంది. ఆ టక్కు చప్పుడే సన్నని బీట. మందకు వయసొచ్చి పెంకు పలచబడేకొద్దీ ఈ బీటలు పెరుగుతాయి. శుభ్రతలో కేజ్ గెలిచినా, చెక్కుచెదరని గుడ్ల లెక్కలో ఆ గెలుపు కొంత కరిగిపోతుంది.

మీ విషయానికొస్తే, నేల మెరకగా ఉండి, నాలుగు వైపులా గాలి ఆడి, పొద్దున పూట మీ ఇద్దరిలో ఒకరు కచ్చితంగా ఉండేట్టయితే 500 కోళ్లకు నేను లిట్టరే అంటాను. చోటు ఇరుకై, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ ఉండేదైతే కేజ్‌కు ఓటు. ఏది చేసినా కట్టకముందు గుడ్లు ఎవరు కొంటారో, అక్కడి నిబంధనలేమిటో కనుక్కోండి. యూరోపియన్ యూనియన్‌లో మామూలు కేజ్‌లను 2012 నుంచే నిషేధించారు, కేజ్ గుడ్లు వద్దనే కొనుగోలుదారులు వేరే చోట్లా ఉన్నారు.

లిట్టర్ వైపు మొగ్గితే ఒక చిన్న మార్పు చేయండి, నేను ఇప్పుడు చేస్తున్నదే. షెడ్డులో మూడో వంతు నేలను రెండడుగుల ఎత్తున చెక్క పట్టీలతో వేశాను, పట్టీకి పట్టీకి మధ్య అంగుళం సందు. నీళ్ల తొట్లన్నీ దాని మీదే. కోడి తాగేచోటే ఎక్కువ రెట్ట వేస్తుంది, రాత్రి పడుకోవడానికి కూడా ఎత్తు చూసుకుని అక్కడికే చేరుతుంది. దాంతో సగానికి పైగా రెట్ట, చిందిన నీళ్లు మొత్తం పట్టీల కింద పడతాయి. పట్టీల ముందు అంచుకు కిందిదాకా వల కొట్టాను, కోళ్లు లోపలికి దూరకుండా. గూళ్లు ఆ పట్టీల అంచున పెట్టాను కాబట్టి కోడి పట్టీల మీద నడిచి, కాళ్లు తుడుచుకున్నట్టుగా గూట్లోకి వెళ్తుంది. మిగతా రెండొంతుల లిట్టర్ ఇప్పుడు వర్షాకాలంలోనూ గుప్పిట్లో విరుగుతోంది.